సబ్‌ఊఫర్ మోత విడిగా వినిపిస్తుంటే

గొంతు ముందు నుంచి, బేస్ మాత్రం ఏదో మూల నుంచి వస్తున్నట్టుంటే సబ్‌ఊఫర్ మార్చే పని లేదు, ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర శబ్దం స్పీకర్ల నుంచి సబ్‌ఊఫర్‌కు మారాలో చెప్పే క్రాసోవర్, రెండింటి శబ్ద తరంగాలను ఒకదానితో ఒకటి కలిపే ఫేజ్ చూసుకుంటే చాలావరకు సరిపోతుంది.

రిసీవర్‌లో మెయిన్ స్పీకర్లను Small అని పెట్టి, క్రాసోవర్ 80 హెర్ట్జ్ ఇవ్వండి. నాలుగంగుళాల ఊఫర్ ఉన్న చిన్న స్పీకర్లకైతే 100. సబ్‌ఊఫర్ వెనకున్న ఫ్రీక్వెన్సీ నాబ్‌ను మాత్రం చివరికంటా పెంచేయాలి. లేకపోతే రెండు ఫిల్టర్లు ఒకదాని మీద ఒకటి పడి, సరిగ్గా కలవాల్సిన చోటే బేస్ పలచబడుతుంది.

తర్వాత క్రాసోవర్‌కు ఇచ్చిన ఫ్రీక్వెన్సీ టోన్‌నే, సౌండు తక్కువలో, స్పీకర్లూ సబ్‌ఊఫరూ కలిపి మోగించండి. మీరు రోజూ కూర్చునే చోటే కూర్చుని, ఇంకొకరితో ఫేజ్ స్విచ్‌ను 0 నుంచి 180కి మార్పించండి. ఎక్కువ మోగిందే సరైనది. మరీ ఎక్కువనిపిస్తే సబ్ వాల్యూమ్ తగ్గించండి, ఫేజ్ జోలికి పోవద్దు.

0కీ 180కీ తేడా తెలియకపోతే ముందు ఏదైనా స్పీకరుకు ప్లస్, మైనస్ వైర్లు తారుమారయ్యాయేమో చూడండి. అవి సరిగ్గానే ఉంటే తంటా గదిది. కడప బండల నేల, ఉత్త గోడలున్న మన ఇళ్లలో ఇది మామూలే, చాప పరిచినా బేస్ లొంగదు. సబ్‌ను గోడ వెంబడి రెండడుగులు జరిపి మళ్లీ వినండి.