చుక్కల లెక్క – 3వ పాఠం: ఒకే నెలలో వచ్చిపడ్డ ఐదులు

పోయిన పాఠంలో ఐదు గీతల పట్టీ చూశాం. గూగుల్ మ్యాప్స్‌లో ఒక దుకాణానికి జనం ఇచ్చిన చుక్కల సగటు అంకె పక్కన 5 నుంచి 1 దాకా పసుపు గీతలు ఉంటాయి కదా, అదే. 5 గీత పొడుగ్గా, 1 గీత ఓ మాదిరిగా, మధ్యవి పొట్టిగా ఉన్నంత మాత్రాన మోసం అనుకోవద్దని చెప్పాను. బాగా నచ్చినవాళ్లు, బాగా మండినవాళ్లే ఎక్కువగా రాస్తారు. ఈసారి ఆ పట్టీకి తేదీలు కలుపుదాం.

ఇల్లు మారడానికి ఒక ప్యాకర్స్ అండ్ మూవర్స్‌ను వెతుకుతున్నారనుకోండి. సగటు 4.2, రివ్యూలు 120. అందులో ఐదులు 92, నాలుగులు 3, మూడులు 2, రెండులు 3, ఒకట్లు 20. పైకి ఫర్వాలేదు. ఇప్పుడు Newest నొక్కి కిందికి జరుపుతూ నెలనెలా ఎన్ని వచ్చాయో కాగితం మీద గీతలు పెట్టండి. మామూలు నెలల్లో నాలుగైదు వస్తున్నాయి. 3 months ago దగ్గర మాత్రం ఏకంగా 50. వాటిలో 49 ఐదులు, ఒక్క నాలుగు.

ఆ యాభై తీసేసి మళ్లీ లెక్క కట్టండి. మిగిలినవి 70, వాటి మొత్తం 255 చుక్కలు. సగటు 3.6కి దిగింది. అంతకంటే ముఖ్యం, ఒకట్లు. ఇందాక ఆరుగురిలో ఒకరు తిట్టారు. ఇప్పుడు దాదాపు మూడున్నర మందికి ఒకరు. సామాను అప్పగించేటప్పుడు నేను చూసేది ఈ అంకెనే.

అయితే ఒక్కసారిగా పెరగడం దానంతటదే నేరం కాదు. కౌంటర్ దగ్గర క్యూఆర్ కోడ్ అతికించి, వచ్చిన ప్రతివాళ్లనీ రివ్యూ అడిగినా పెరుగుతుంది. కానీ అలా అడిగితే నాలుగులు, మూడులు, ఒకటీ అరా తిట్లు కూడా వస్తాయి. కోడ్ అక్కడే ఉంటుంది కాబట్టి తర్వాతి నెలల్లోనూ రాక కొంతైనా కొనసాగుతుంది. మన ఉదాహరణలో నెల తిరగ్గానే రాక మళ్లీ నెలకు నాలుగు రివ్యూలకు పడిపోయింది. ఇంకోటి చూడండి: దానికి ముందు నెలలో వరసగా ఆరు ఒకట్లు. ఫ్రిజ్ సొట్టపడిందని, దారిలో లారీ ఆపి ఎక్కువ డబ్బులు అడిగారని. వాటి మీద యాభై "గుడ్ సర్వీస్"లు పరిచేశారు. ఈ రెండూ పక్కపక్కన కనిపిస్తే నేను ఇక ఆ నంబర్‌కి ఫోన్ చెయ్యను.

ఈ పద్ధతికి ఒక హద్దుంది. ఏడాది దాటితే మ్యాప్స్ నెలలు చూపదు, a year ago అని ఊరుకుంటుంది. అందుకని పాత గుట్టలు ఏ నెలవో విడదీయలేం. రివ్యూలు పదీ పదిహేనే ఉన్నచోట కూడా ఈ లెక్క నిలవదు. నాలుగు కుటుంబాలు ఒకే వారం రాసినా గుట్టలా కనిపిస్తుంది.

వచ్చే పాఠానికి మీకు తెలిసిన ఒక దుకాణానికి ఏడాది గీతలు పెట్టి ఉంచండి. ఆ గుట్టలో రాసినవాళ్ల ప్రొఫైళ్లు తెరిచి చూద్దాం.