కార్డు పెట్టలేదు, కానీ ఫోన్ బిల్లులో కొనుగోలు పడింది: ఎక్కడ వెతకాలి

పోస్ట్‌పెయిడ్ బిల్లు ఎక్కువొచ్చిందంటే ముందు లెక్క చూడండి. 399 ప్లాన్‌కు 18 శాతం జీఎస్‌టీ కలిపితే 470.82 రూపాయలు. అంతకు మించితే చివరి పేజీల్లో విలువ ఆధారిత సేవల వరుస, అంటే ఆటలు, పాటల్లాంటి చందాల వరుస, ఉందేమో చూసి చదవండి. చాలామంది ఈ పేజీ తెరవకుండానే కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తారు. ఆ పేజీలోని సేవ పేరు, తేదీ, సమయం రాసుకోండి. తర్వాతి పనంతా వాటితోనే.

గూగుల్ ప్లే పేరుంటే ప్లే యాప్‌లోని `Payments & subscriptions`లో చూస్తే ఏం కొన్నారో తెలుస్తుంది. యాప్ తీసేసినంత మాత్రాన చందా ఆగదు, అక్కడే రద్దు చేయాలి.

ప్లేలోనూ ఏమీ లేదా? అయితే హాట్‌స్పాట్‌ను అనుమానించండి. మొబైల్ డేటాలో కొన్ని పేజీలు తెరిస్తే, కంపెనీ నెట్‌వర్కే మీ నంబరును ఆ పేజీకి అందిస్తుంది. నంబరు కొట్టనక్కర్లేదు, పేజీలో రెండుసార్లు ఒప్పుకుంటే చాలు, డబ్బు బిల్లుకెక్కుతుంది. నెట్‌వర్క్ చూసేది సిమ్‌నే, ఆ సిమ్ వెనక ఏ ఫోనుందో దానికి పట్టదు.

ఉదాహరణకు దర్శనానికొచ్చిన చుట్టాలు తిరుపతిలో మీ ఇంట్లో దిగారు. వాళ్ళ పిల్లవాడి ట్యాబ్‌కు మీ హాట్‌స్పాట్ ఇచ్చారు. ఆటల పేజీలో వాడు రెండుసార్లు నొక్కాడు. సేవ మొదలైందన్న మెసేజ్ మాత్రం మీ ఫోనుకొచ్చింది. మీ ఫోన్ ఎంత గాలించినా ఏమీ దొరకదు. ఇలాంటి చందా వారానికోసారి 30 రూపాయలైతే, వాళ్ళు ఊరెళ్ళాక కూడా నెలకు కనీసం 120 పోతూనే ఉంటుంది.

తేల్చుకోవడం తేలికే. బిల్లులోని తేదీ, సమయం పట్టుకుని, అప్పుడు హాట్‌స్పాట్‌లో ఎవరున్నారో గుర్తు తెచ్చుకోండి. ఆ పేజీ తెలిస్తే మొబైల్ డేటాలో ఒకసారి, ఇంటి వైఫైలో ఒకసారి తెరవండి, కొనే బటన్ మాత్రం నొక్కొద్దు. డేటాలో నంబరు అడగకుండా, వైఫైలో అడిగితే కారణం ఇదే.

ఆపడానికి 155223కు ఫోన్ చేయండి, లేదా అదే నంబరుకు `STOP` అని మెసేజ్ పంపండి. మొదలైన 24 గంటల్లోపు చెబితే డబ్బు వెనక్కి అడగడం సులువు, అందుకే ఆ మెసేజ్‌ను చదవకుండా తుడిచెయ్యొద్దు. తర్వాత కంపెనీని, ఈ నంబరుకు బయటి సేవల వసూళ్ళు మొత్తం మూసెయ్యమని అడిగి, ఫిర్యాదు నంబరు తీసుకోండి. ఒక్క చందా ఆపించి ఊరుకుంటే రేపు ఇంకోటి మొదలవుతుంది. హాట్‌స్పాట్ పాస్‌వర్డ్ కూడా మార్చండి, లేదంటే పాత ట్యాబ్ తనంతట తానే మళ్ళీ కలుస్తుంది.

సిమ్ ఎవరో కాజేయడం, ఫోన్లో దొంగ యాప్ ఉండడం అరుదు. సిగ్నల్ హఠాత్తుగా పోతేనో, మీరు పంపని మెసేజ్‌లు కనిపిస్తేనో అటు చూడండి.