ప్లాస్టిక్‌లా మెరిసిన గ్రానైట్

కోకాపేట విల్లా ముందుభాగం ఎలా ఉంటుందో చూపే ఎలివేషన్ బొమ్మను ఏఐతో చేయించాం. ఇమేజ్ 1536×1024 పిక్సెళ్లు మాత్రమే. ఏ2 ప్రింట్ కోసం పొడవు, వెడల్పులను మూడింతలు చేస్తే అంగుళానికి సుమారు 197 పిక్సెళ్లు వస్తాయి. ప్రెజెంటేషన్ బోర్డుకు అది చాలు.

కానీ ఇమేజ్‌ను పెద్దది చేసే ఏఐ అప్‌స్కేలర్ గ్రానైట్ చుక్కలను నాయిస్ అనుకుని తుడిచేసింది. గోడ మైనం పూసినట్టయింది. అందుకే ఏఐ లేకుండా మామూలు బైక్యూబిక్ పద్ధతిలో పెంచిన కాపీని కింద పెట్టి, పైన ఏఐ లేయర్‌ను గోడల దగ్గర 40 శాతానికి తగ్గించాను. కిటికీ ఫ్రేములు, రెయిలింగ్ అంచుల్లో మాత్రం పూర్తిగా ఉంచాను. ఆ తర్వాత గోడలపై సన్నని బ్లాక్ అండ్ వైట్ గ్రెయిన్ వేశాను. అసలు గరుకుదనం దాంతోనే వచ్చింది.

షార్పెనింగ్ చివర్లో, ప్రింట్ సైజులోనే, అంచులకే చేశాను. పిట్టగోడ పక్కన ఆకాశంలో తెల్లని గీత కనిపిస్తే షార్పెనింగ్ ఎక్కువైనట్టే. స్క్రీన్‌ను నమ్మలేం, ముందు ఏ4 మీద అసలు సైజు ముక్కను ప్రింట్ తీయించాను.