వంశవృక్షంతో అడవుల లెక్క – పాఠం 4: జాతులను లెక్కించాలా, కొమ్మలను కొలవాలా?

గత పాఠంలో కాలం కొలత ఉన్న వంశవృక్షాన్ని చదవడం నేర్చుకున్నాం. ఏ కణుపు దగ్గర రెండు వంశాలు విడిపోయాయో, ఆ కణుపు నుంచి కొస దాకా ఉన్న కొమ్మ ఎన్ని మిలియన్ సంవత్సరాల పొడవో చెప్పగలిగితే ఈ పాఠానికి కావలసిన సరంజామా మీ దగ్గర ఉన్నట్టే. ఈసారి ఆ కొమ్మల పొడవులతో, కాపాడడానికి డబ్బు ఒక్కదానికే సరిపోయేటప్పుడు రెండు జీవసముదాయాలలో దేనిని ముందు ఎంచుకోవాలో తేల్చే పద్ధతిని చూద్దాం.

జాతి సంపన్నత అంటే ఒక చోట ఉన్న జాతుల సంఖ్య, అంతకుమించి అందులో ఏమీ లేదు. నిన్న మొన్న విడిపోయిన నాలుగు అక్కచెల్లెళ్ల జాతులకూ, ఒకదానికొకటి ఏ చుట్టరికమూ కనిపించని నాలుగు జాతులకూ అది నాలుగు అనే ఒకే మార్కు వేస్తుంది. ఆస్ట్రేలియాలో పనిచేసిన డేనియల్ ఫెయిత్ 1992లో ప్రతిపాదించిన వంశవైవిధ్యం ఈ లోటును పూడ్చడానికి పుట్టింది. ఒక చోట ఉన్న జాతులన్నిటినీ వృక్షం మొదలుతో కలిపే కొమ్మలను గుర్తించి, ప్రతి కొమ్మ పొడవునూ ఒక్కసారి మాత్రమే కూడితే వచ్చే మొత్తమే ఆ చోటు వంశవైవిధ్యం. కొత్త లక్షణాలు కొమ్మల వెంట పోగుపడతాయి కాబట్టి, ఎక్కువ కొమ్మ పొడవును కాపాడితే ఎక్కువ రకాల లక్షణాలను కాపాడినట్టవుతుందన్నది ఈ కొలత వెనుక ఉన్న ఊహ. ఇది ఊహే తప్ప నియమం కాదని గుర్తుంచుకోవాలి.

ఈ ప్రశ్న నిజంగా తలెత్తిన చోటు దక్షిణాఫ్రికా నైరుతి కొసన ఉన్న కేప్ ప్రాంతం. దాదాపు 90,000 చదరపు కిలోమీటర్ల ఆ నేలలో సుమారు 9,000 జాతుల మొక్కలున్నాయి. వాటిలో 70 శాతానికి దగ్గరగా మరెక్కడా పెరగవు. ఒక్క ఎరికా ప్రజాతికే అక్కడ ఆరు వందలకు పైగా జాతులున్నాయి. మన అభ్యాసానికి అక్కడి మొక్కలతోనే ఒక చిన్న వృక్షాన్ని అల్లుకుందాం. ఇందులో నాలుగు ఎరికాలు, రెండు ప్రోటియాలు, కేప్ తూర్పు వైపున పెరిగే ఒక తుమ్మ, ఒక కలబంద ఉన్నాయి. చివరి రెండూ మన నల్లతుమ్మకూ పెరటి కలబందకూ అదే ప్రజాతుల చుట్టాలు. వయసులను చేత్తో కూడడానికి వీలుగా గుండ్రం చేశాను. పెద్ద కణుపుల వరస నిజమైనదే కానీ, అంకెలను ఎక్కడా ఉటంకించవద్దు. కింది రాతలో e అంటే ఎరికా, p అంటే ప్రోటియా. ఒక్కో బ్రాకెట్టు జంట ఒక కణుపు, కోలన్ తర్వాతి అంకె కొమ్మ పొడవు మిలియన్ సంవత్సరాలలో.

```
(kalabanda:130,((p1:5,p2:5):115,(((e1:2,e2:2):8,
(e3:3,e4:3):7):100,tumma:110):10):10);
```

ప్రాంతపు పటాన్ని గడులుగా విడగొట్టి, వాటిలో రెండింటిని తీసుకుందాం. పశ్చిమ గడిలో నాలుగు ఎరికాలూ రెండు ప్రోటియాలూ, మొత్తం ఆరు జాతులు ఉన్నాయనుకోండి. తూర్పు గడిలో ఒక ఎరికా (e1), ఒక ప్రోటియా (p1), తుమ్మ, కలబంద, మొత్తం నాలుగే ఉన్నాయి. జాతుల లెక్కన పశ్చిమానిదే గెలుపు.

ఇప్పుడు కొమ్మలను కూడుదాం. పశ్చిమంలో ఎరికాల కొస కొమ్మలు 2, 2, 3, 3 కాగా, వాటిని జతలుగా కలిపే కొమ్మలు 8, 7. అంటే నాలుగు ఎరికాల గుబురంతా కలిపి 25. ఆ గుబురును తుమ్మ చీలిన కణుపుకు కలిపే పొడవాటి కాడ 100, అక్కడి నుంచి ప్రోటియాలు చీలిన కణుపు దాకా మరో 10. ప్రోటియాల కొసలు రెండు 5లు, వాటి కాడ 115. చివరగా మొదలు దాకా 10. మొత్తం 270. తూర్పులో ఎరికా తుమ్మ చీలిన కణుపు దాకా 110, తుమ్మ 110, అక్కడి నుంచి 10, ప్రోటియా 120, మొదలు దాకా 10, కలబంద ఒంటరిగా 130. మొత్తం 490. ఆరు జాతులకు 270 రాగా నాలుగు జాతులకు 490 వచ్చింది. నాలుగు ఎరికాల గుబురు మొత్తం 25 దగ్గర ఆగిపోవడం, కలబంద ఒక్కటే 130 తేవడం చూస్తే తేడా ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది.

ఇక్కడే మొదటిసారి చేసేవారు పొరపడతారు. ఒక్కొక్క జాతికీ కొస నుంచి మొదలు దాకా పొడవు విడివిడిగా తీసి అన్నిటినీ కూడేస్తారు. అప్పుడు పశ్చిమానికి 780, తూర్పుకు 520 వచ్చి ఫలితం తిరగబడుతుంది. కారణం సులభం. కొసలన్నీ ఈనాటి జాతులే అయిన వృక్షంలో ఏ కొస నుంచైనా మొదలుకు దూరం 130 మాత్రమే కాబట్టి, మీరు కూడింది వంశవైవిధ్యం కాదు, జాతుల సంఖ్యను 130తో గుణించిన మారువేషం. పట్టుకోవడమూ సులభమే: వచ్చిన మొత్తాన్ని జాతుల సంఖ్యతో భాగిస్తే ప్రతి గడికీ ఒకే అంకె వస్తే, పంచుకున్న కొమ్మలను మీరు పదే పదే లెక్కించారన్నమాట.

లెక్క సరిగా వచ్చాక కూడా దానితోనే వరస కట్టకూడదు. ఒక గడిలో కొత్త జాతి చేరినప్పుడల్లా వంశవైవిధ్యం పెరుగుతుందే కానీ ఎన్నడూ తగ్గదు. అందువల్ల నిజమైన సమాచారంలో ఈ రెండు కొలతలూ చాలావరకు జంటగా నడుస్తాయి, మన ఎనిమిది మొక్కల ఉదాహరణలో కనిపించినంత నాటకీయంగా విడిపోవడం అరుదు. కాబట్టి అడగవలసిన ప్రశ్న ఏ గడిలో వంశవైవిధ్యం ఎక్కువ అన్నది కాదు, అన్నే జాతులున్న గడికి రావలసిన దానికన్నా అది ఎక్కువా తక్కువా అన్నది. మన వృక్షంలోని ఎనిమిదింటి నుంచి నాలుగు జాతులను చీట్లు తీసినట్టు ఎంచుకుంటే సగటున 351 వస్తుంది, ఆరింటిని ఎంచుకుంటే 440. తూర్పు గడి తనకు రావలసిన దానికన్నా 139 ఎక్కువ తెచ్చుకోగా, పశ్చిమ గడి 170 తక్కువ పడింది. ఆర్ భాషలోని `picante` ప్యాకేజీ ఈ చీట్ల పనిని 999 సార్లు చేసి చూపుతుంది. `cape.nwk`లో పైన రాసిన వృక్షం, `gadulu.csv`లో గడులు అడ్డువరసలుగా, జాతులు నిలువువరసలుగా ఉన్న 1, 0ల పట్టిక ఉండాలి.

```r
library(picante)
tree <- read.tree("cape.nwk")
comm <- as.matrix(read.csv("gadulu.csv", row.names = 1))
pd(comm, tree, include.root = TRUE)
ses.pd(comm, tree, null.model = "taxa.labels", runs = 999)
```

ఫలితంలో `pd.rand.mean` చీట్ల సగటు, `pd.obs.z` ఆ సగటు నుంచి మీ గడి ఎంత దూరంలో ఉందో చెప్పే అంకె. అది సున్నాకు పైన ఉంటే దూరపు చుట్టాల గుంపు, కింద ఉంటే దగ్గరి చుట్టాల గుంపు. చీట్ల డబ్బాలో ఏ జాతులను వేశారన్న దాని మీదే ఈ అంకె ఆధారపడుతుంది కాబట్టి, ఆ ప్రాంతపు జాతులే అందులో ఉండాలి. ప్రపంచంలోని మొక్కలన్నిటినీ అందులో పోస్తే కేప్‌లోని దాదాపు ప్రతి గడీ చుట్టాల గుంపుగానే కనిపించే ప్రమాదం ఉంది.

ఫెలిక్స్ ఫారెస్ట్ బృందం 2007లో నేచర్ పత్రికలో ప్రచురించిన పరిశోధన ఈ పనిని అసలు కేప్ మీద చేసింది. వారు జాతుల స్థాయిలో కాక, పుష్పించే మొక్కల 735 ప్రజాతులతో వృక్షం కట్టి, ప్రాంతాన్ని గడులుగా విడగొట్టి లెక్కించారు. పడమటి గడులలో వంశవైవిధ్యం రావలసిన దానికన్నా తక్కువగా, తూర్పు గడులలో ఎక్కువగా తేలింది. పడమట కొన్ని వంశాలు తక్కువ కాలంలో విపరీతంగా చీలి పిల్లల్ని పెట్టడం, తూర్పున పక్క వృక్షసీమల నుంచి వచ్చిన దూరపు వంశాలు కలగలిసి ఉండడం దీనికి కారణాలు. వారు మరో అడుగు వేసి మనుషులకు ఆహారంగా, మందుగా, ఇతరత్రా పనికివచ్చే ప్రజాతులు వృక్షంలో ఎక్కడున్నాయో చూశారు. ఒక్కో రకం ఉపయోగం ఒక్కో మూల గుమిగూడి ఉంది. రేపు ఏ ఉపయోగం అవసరమవుతుందో ముందే తెలియదు కాబట్టి వృక్షాన్ని వీలైనంత విశాలంగా కాపాడడమే మేలన్నది వారి వాదన.

ఈ వాదనతో నేను ఏకీభవిస్తాను, కానీ పడమటి గడులు రెండో తరగతివన్న అర్థంలో కాదు. వేగంగా చీలుతున్న ఎరికాల గుబురుకు ఈ కొలత ఇచ్చే మార్కు దాని గతానికే. ఇంకా చీలుతున్న వంశపు భవిష్యత్తును కొమ్మ పొడవు కొలవలేదు. పైగా పడమటి జాతులలో చాలా వాటికి మరో చోటు లేదు. ఒక జాతి ఇంకెన్ని చోట్ల ఉందో ఈ మొత్తంలో ఎక్కడా కనిపించదు.

జాబితాను శుభ్రం చేయకుండా లెక్క మొదలుపెడితే మరో ఉపద్రవం ఉంది. కేప్‌లోకి పైన్ చెట్లు, ఆస్ట్రేలియా తుమ్మజాతులు చొరబడి స్థానిక పొదలను అణగదొక్కుతున్నాయి. పైన్ పుష్పించే మొక్క కాదు. దాని వంశం మిగిలిన వాటి నుంచి విడిపోయి 300 మిలియన్ సంవత్సరాలు దాటింది. ఆ ఒక్క చెట్టు గడి జాబితాలోకి వస్తే వంశవైవిధ్యం ఒక్క గెంతు వేసి, పాడైపోతున్న గడి వరసలో పైకి ఎక్కుతుంది. మన అరకు కాఫీ తోటల్లో నీడకోసం వేసిన సిల్వర్ ఓక్ ఆస్ట్రేలియా నుంచి వచ్చిన చెట్టు, ప్రోటియాల కుటుంబానికే చెందింది. తూర్పు కనుమల గడులను లెక్కించేటప్పుడు దాన్ని తీసేయకపోతే కాఫీ తోట పక్క అడవిని మించిపోయినట్టు కనిపించినా ఆశ్చర్యం లేదు. వరసలో పైనున్న గడి జాతులను పేరు పేరునా చదివి, నాటిన వాటినీ చొరబడిన వాటినీ తొలగించి మళ్లీ లెక్కించండి. అంకె కూలిపోతే అంతకుముందు చూసింది ఆ పరాయి చెట్టు కొమ్మనే.

ఇక ఎంపిక. గడులను మార్కుల వరసలో పేర్చి పైనుంచి తీసుకోవడం తప్పు, ఎందుకంటే రెండో గడి విలువ మొదటిదానిలో ఏముందన్న దాని మీద ఆధారపడుతుంది. మన వృక్షం మొత్తం పొడవు 510. తూర్పు గడిని ఎంచుకోగానే 490 మన చేతికొస్తుంది. ఆ తర్వాత పశ్చిమ గడి కొత్తగా తెచ్చేది మూడు ఎరికాల 15, ఒక ప్రోటియా 5, మొత్తం 20 మాత్రమే. కానీ ఆ 20లోనే నాలుగు జాతులున్నాయి, ఇంకెక్కడా పెరగనివి కూడా అవే కావచ్చు. డబ్బు రెండు గడులకు ఉంటే ఈ ప్రశ్నే రాదు. ఒక్కదానికే ఉన్నప్పుడు, ఆ నాలుగింటి బతుకు మరో చోట సాగుతోందో లేదో తేల్చుకున్నాకే 490 వైపు మొగ్గాలి.

వచ్చే పాఠానికి ముందు ఇది చేసి ఉంచండి. ఉత్తర గడి అనే మూడో దానిలో e3, e4, తుమ్మ, కలబంద ఉన్నాయి. దాని వంశవైవిధ్యం 373 రావాలి. రాకపోతే ఎరికాల కాడ 100ను రెండుసార్లు కూడారేమో చూడండి. తర్వాత మూడు గడులలో రెండింటిని ఎంచుకునే మూడు జతలకూ ఉమ్మడి మొత్తాలు కట్టండి. విడిగా అన్నిటికన్నా ఎక్కువ ఉన్న తూర్పు గడి లేకుండానే వృక్షం మొత్తం చేతికొచ్చే జత ఒకటుంది, దానితోనే అయిదో పాఠం మొదలవుతుంది.