పది నిమిషాల పేపర్ సెమినార్ – 3వ పాఠం: ఒకే బొమ్మ, అడ్డు ప్రశ్నలకు రెండున్నర నిమిషాలు

గత పాఠంలో పేపర్ మొత్తం చదివి, ఏ బొమ్మ తీసేస్తే పేపరే కూలిపోతుందో దాన్ని గుర్తుపట్టమన్నాం. ఈసారి ఆ బొమ్మ చుట్టూ మాట అల్లుకోవడం, మధ్యలో క్లాస్‌మేట్లు ఆపితే ఏం చేయాలన్నది చూద్దాం. ఉదాహరణకు మాథ్యూ మెసెల్సన్, ఫ్రాంక్లిన్ స్టాల్ 1958లో ప్రచురించిన డీఎన్ఏ రెప్లికేషన్ పేపర్‌ని తీసుకుంటున్నాం. ఎమ్మెస్సీ లైఫ్ సైన్సెస్‌లో ఎవరో ఒకరికి ఈ పేపర్ పడక మానదు. అందరికీ తెలిసిందే కదా అనుకుంటారు గానీ, సగంమంది తడబడేది కూడా ఇక్కడే.

ముందు టైమ్ లెక్క. పది నిమిషాలు ఇచ్చారంటే మీ మాట ఏడున్నర నిమిషాలే. మిగతా రెండున్నర మీది కాదు, అడ్డు ప్రశ్నలది. పది నిమిషాలకూ సరిపడా సరుకు సిద్ధం చేసుకుని వెళ్తే, ఒక్క డౌట్ రాగానే చివరి స్లైడ్లు గాలికి పోతాయి. మామూలుగా ఆ చివరి స్లైడ్లలోనే అసలు ఫలితం ఉంటుంది.

ఆ ఏడున్నరని ఇలా పంచుకోండి. ప్రశ్న ఏమిటో చెప్పడానికి ఒక నిమిషం, పద్ధతికి నిమిషంన్నర, ప్రధాన బొమ్మకు మూడున్నర, దాని వెనక వచ్చే వేడి చేసిన ప్రయోగానికి ఒక నిమిషం, పేపర్ ఎక్కడ ఆగిందో చెప్పడానికి అర నిమిషం. రచయితల జీవిత విశేషాలకు, డీఎన్ఏ చరిత్రకు ఇందులో చోటు లేదు. వాట్సన్, క్రిక్ ఫొటోతో మొదలుపెడితే అక్కడే నిమిషం కరిగిపోతుంది.

మొదటి నిమిషంలో చెప్పాల్సింది ఒకటే: డీఎన్ఏ తన నకలు తయారు చేసుకుంటే పాత పదార్థం ఎక్కడికి పోతుంది? మూడు దారులున్నాయి. పాత జంట చెక్కుచెదరకుండా అలాగే ఉండి, పక్కన పూర్తిగా కొత్త జంట పుట్టవచ్చు. అది కన్సర్వేటివ్. పాత జంట విడిపోయి, ఒక్కో పాత సగానికి ఒక్కో కొత్త సగం జత కావచ్చు. అది సెమీకన్సర్వేటివ్. పాతదీ కొత్తదీ ముక్కలు ముక్కలుగా అన్నిట్లోనూ కలిసిపోవచ్చు. అది డిస్పర్సివ్. ఈ మూడింటినీ బోర్డు మీద రెండు రంగుల సుద్దతో గీసేసి, చివరి దాకా చెరపకండి. తర్వాత వచ్చే ప్రశ్నల్లో సగానికి ఆ గీతలే జవాబు చెబుతాయి.

పద్ధతి దగ్గర చాలామంది పేపర్లోని కొలతలన్నీ చదివేస్తారు. వినేవాళ్లకు మూడే విషయాలు కావాలి. ఈ.కోలైని బరువైన నైట్రోజన్ ఎన్-15 ఉన్న అమ్మోనియం క్లోరైడ్ మీద 14 తరాలు పెంచారు, అంటే డీఎన్ఏ అంతా బరువెక్కింది. తర్వాత ఒక్కసారిగా మామూలు ఎన్-14 ని పదింతలు పోసి, అక్కడి నుంచి తరాలు లెక్కపెడుతూ శాంపిళ్లు తీశారు. ఆ డీఎన్ఏని సీజియం క్లోరైడ్ ద్రావణంలో నిమిషానికి 44,770 చుట్ల వేగంతో 20 గంటలు తిప్పారు. ద్రావణం ఒక కొస నుంచి ఇంకో కొసకు క్రమంగా చిక్కబడుతుంది, డీఎన్ఏ తన సాంద్రతకు సరిపోయే చోట ఆగి బ్యాండ్‌గా నిలుస్తుంది. పద్ధతి ఇంతే.

ఇక ప్రధాన బొమ్మ, అంటే పేపర్‌లోని నాలుగో బొమ్మ. ఇక్కడ ముందే ఒక తప్పు నుంచి తప్పించుకోండి. టెక్స్ట్‌బుక్కుల్లో నిలబెట్టిన టెస్ట్‌ట్యూబు, అందులో పైనా కిందా రంగు గీతలు వేసి చూపిస్తారు. పేపర్‌లో అలాంటి ట్యూబు ఎక్కడా ఉండదు. అనలిటికల్ అల్ట్రాసెంట్రిఫ్యూజ్ తిరుగుతుండగానే అతినీలలోహిత కాంతితో తీసిన నలుపు తెలుపు ఫొటోల వరస ఉంటుంది. ఒక్కో అడ్డపట్టీ ఒక్కో శాంపిల్, సాంద్రత ఎడమ నుంచి కుడికి పెరుగుతుంది. టెక్స్ట్‌బుక్ బొమ్మ పెట్టి మాట్లాడితే, పేపర్ తెరిచి కూర్చున్నవాడు ఎవడో ఒకడు "ఇది పేపర్‌లో ఎక్కడుంది?" అని అడుగుతాడు, అడగాలి కూడా. అసలు బొమ్మే పెట్టండి. దాని మీద మీ చేత్తో ఎడమ కొసన "తేలిక", కుడి కొసన "బరువు" అని రాయండి. అక్షాలు చెప్పకుండా బ్యాండ్ల గురించి మొదలుపెట్టడం ఇంకో మామూలు పొరపాటు. బొమ్మ తెర మీదకు రాగానే మొదటి పదిహేను సెకన్లు అడ్డంగా ఏముంది, నిలువుగా ఏముంది అని చెప్పడానికే.

తర్వాత పన్నెండు పట్టీలూ చదవకండి, నాలుగు చాలు. సున్నా తరం: ఒకే బ్యాండ్, కుడివైపున, అంతా బరువు. 1.0 తరం: మళ్లీ ఒకే బ్యాండ్, కానీ మధ్యలో. ఇక్కడ ఆగి బోర్డు వైపు చూపించండి. కన్సర్వేటివ్ నిజమైతే ఒక బరువు బ్యాండ్, ఒక తేలిక బ్యాండ్ కనిపించాలి. కనిపించలేదు కాబట్టి ఆ గీతను కొట్టేయండి. మిగతా రెండింటినీ మాత్రం ఇక్కడ ముట్టుకోకూడదు. మొదటి తరంలో సెమీకన్సర్వేటివ్ అయినా డిస్పర్సివ్ అయినా మధ్యలో ఒకే బ్యాండ్ వస్తుంది. సెమినార్లలో ఎక్కువగా జారిపడేది ఇక్కడే: మొదటి తరం చూపించి "కాబట్టి సెమీకన్సర్వేటివ్ అని తేలింది" అనేస్తారు. తేలలేదు.

తేల్చేది 1.9 తరం పట్టీ. రెండు బ్యాండ్లు, దాదాపు సమానంగా: ఒకటి మధ్యలో, ఒకటి తేలిక స్థానంలో. డిస్పర్సివ్ అయి ఉంటే బ్యాండ్ ఒక్కటే ఉండి, మధ్య నుంచి తేలికవైపు సగం దూరం జరిగి ఉండేది. అలా జరగలేదు, డిస్పర్సివ్ గీతనూ కొట్టేయండి. నాలుగోది కింద ఉన్న మిశ్రమం పట్టీ: సున్నా తరం, 1.9 తరం శాంపిళ్లను కలిపి తిప్పింది. అందులో మూడు బ్యాండ్లూ పక్కపక్కనే కనిపిస్తాయి. మధ్య బ్యాండ్ నిజంగా మధ్యలోనే ఉందని కొలిచి చూపడానికే అది. బరువు, తేలిక బ్యాండ్ల మధ్య దూరంలో 50 శాతం దగ్గర, రెండు శాతం అటూఇటూగా ఉందని పేపర్ చెబుతుంది.

వేడి చేసిన ప్రయోగం మీరు అవసరమైతే వదిలేసుకునే ముక్క. ఏది వదలాలో ఇంటి దగ్గరే నిర్ణయించుకోవాలి, స్టేజీ మీద కాదు. దీన్నే ఎందుకంటే, ఒక్క వాక్యంలోకి కుదించినా వాదన నిలబడుతుంది: మధ్య బ్యాండ్ డీఎన్ఏని 100 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు వేడి చేస్తే రెండు రకాల సగాలుగా విడిపోయింది. వివరంగా చెప్పబోతే ఒక చిక్కుంది. వేడి చేసిన డీఎన్ఏ సాంద్రత పెరుగుతుంది కాబట్టి ఆ రెండు బ్యాండ్లను మామూలు బ్యాండ్లతో కాకుండా, వేడి చేసిన ఎన్-14, ఎన్-15 డీఎన్ఏలతో పోల్చాలి. ఇది చెప్పకుండా "మళ్లీ పాత చోట్లకే వచ్చాయి" అంటే తప్పు. టైమ్ లేనప్పుడు దీని జోలికి పోవద్దు.

ఒక చిన్న చీటీ మీద మూడు గుర్తులు రాసుకుని చేతిలో పెట్టుకోండి: బొమ్మ తెర మీదకు రెండున్నర నిమిషాలకు, 1.9 తరం నాలుగున్నరకు, బొమ్మ ముగింపు ఆరుకు. ఇవి అడ్డు ప్రశ్నలు లేనప్పటి లెక్క. ఎనిమిదిన్నర అవుతున్నా ఇంకా 1.9 దగ్గరే ఉంటే వేడి ప్రయోగం ఒక్క వాక్యం. వేగం పెంచి అన్నీ చెప్పేద్దామని చూడకండి.

ఇక అడ్డు ప్రశ్నలు. మూడు రకాలే వస్తాయి, మూడింటికీ మూడు దారులు.

మాట అర్థంకాక అడిగేది మొదటి రకం. పద్ధతి చెబుతుండగా ముందు బెంచీలోంచి వస్తుంది: "ఒక్క నిమిషం, ఎన్-15 అంటే రేడియోయాక్టివ్ కదా?" దీన్ని తర్వాతకు నెట్టకూడదు. అడిగినవాడు ఆ అపోహతోనే మిగతాదంతా వింటాడు. పది సెకన్లలో చెప్పేయండి: "కాదు, అది స్థిరమైన ఐసోటోప్. రేడియేషన్ రాదు, ఒక న్యూట్రాన్ ఎక్కువ, అంతే. అందుకే ఇక్కడ కొలిచేది బరువు తేడా." ఆ వెంటనే ఆగిన వాక్యం నుంచే మొదలుపెట్టండి, స్లైడ్ మొదటి నుంచి కాదు.

మీరు చెప్పబోయేదే ముందుగా అడగడం రెండో రకం. 1.0 తరం పట్టీ చూపిస్తుండగానే ఎవరో అంటారు: "డిస్పర్సివ్ అయినా ఇలాగే వస్తుంది కదా?" చాలామంది ఇక్కడ కంగారుపడి ముందుకు దూకేస్తారు, లేదా "చెప్తా ఆగు" అని కసురుకుంటారు. నిజానికి ఈ ప్రశ్న మీ పని సులువు చేసింది. "అవును, ఈ పట్టీతో డిస్పర్సివ్ పోదు. పోయేది 1.9 దగ్గర, ఇప్పుడే వస్తుంది" అనండి. 1.9 పట్టీకి రాగానే అడిగినవాళ్ల వైపు తిరిగి "నువ్వడిగింది ఇదే" అని చెప్పండి. వాయిదా వేసి తర్వాత మర్చిపోతే ఇక ఎవరూ మీ వాయిదాని నమ్మరు, ప్రతి ప్రశ్నకూ అక్కడికక్కడే పట్టుబడతారు.

మూడో రకం పేపర్ మీదే అభ్యంతరం: "సగాలు అంటే ఒక్కో పోగు అని ఎలా తెలిసింది?" ఇది మంచి ప్రశ్నే, కాబట్టే ప్రమాదం. రెండు నిమిషాలు మింగేస్తుంది. బోర్డు కుడి మూలన "సగం = ఒక పోగు?" అని రాసి "చివర్లో దీనికి వస్తా" అనండి. చివరి అర నిమిషం దీనికే సరిపోతుంది. మెసెల్సన్, స్టాల్ పేపర్‌లో వాడిన మాట "సబ్‌యూనిట్లు". నైట్రోజన్ రెండు సబ్‌యూనిట్ల మధ్య సమానంగా పంచుకోబడిందని, అవి చాలా తరాల పాటు చెదరకుండా ఉంటాయని అన్నారు. ఆ సబ్‌యూనిట్ ఒక్క పోగే అని మాత్రం ఖాయంగా ప్రకటించలేదు. వాళ్లు అనని మాటను వాళ్ల నోట పెట్టకపోతే గైడ్ అడగబోయే ప్రశ్న ఇక్కడే తీరిపోతుంది.

జవాబు తెలియకపోతే "పేపర్‌లో ఆ వివరం నాకు కనిపించలేదు" అనడానికి మూడు సెకన్లు పడుతుంది. ఊహించి చెప్పబోతే నిమిషం పడుతుంది, దాని మీద ఇంకో ప్రశ్న పుడుతుంది. ఇద్దరు క్లాస్‌మేట్లు వాళ్లలో వాళ్లే వాదించుకోవడం మొదలుపెడితే ఒక్కసారి మాత్రం మధ్యలోకి వెళ్లండి: "మీ ఇద్దరి మాటా బోర్డు మీద రాస్తున్నా." రాసేటప్పుడు వెనక్కి తిరుగుతారు కదా, ఆ విరామంలో వాదన తనంతట తనే చల్లారుతుంది.

వచ్చే పాఠానికి ముందు చేయాల్సిన పని: మీకిచ్చిన పేపర్‌లోని బొమ్మతో ఏడున్నర నిమిషాల మాట సిద్ధం చేసుకోండి. ఇద్దరు స్నేహితులకు చెరో మూడు చీటీలివ్వండి, ఒక్కోదాని మీద పైన చెప్పిన ఒక్కో రకం. ఎప్పుడు అడగాలో వాళ్లిష్టం. ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి, ప్రతి అడ్డు ప్రశ్నకూ ఎన్ని సెకన్లు పోయాయో మూడో మనిషి రాయాలి. ఆరు ప్రశ్నలకూ కలిపి 150 సెకన్లు దాటితే, ఏ రకం దగ్గర ఎక్కువ పోయిందో చూసి, ఆ రకం ప్రశ్నలతోనే ఇంకోసారి చేయండి.