వీడియోకు శబ్దం – 4వ పాఠం: మోనోలో గొంతు మాయమైతే

పోయిన పాఠంలో గొంతు, మ్యూజిక్ లెవెల్స్ సరిచేసుకున్నాం. ఇయర్‌ఫోన్స్‌లో విన్నప్పుడు రెండూ బాగానే ఉన్నాయి. అదే వీడియోను ఒకే స్పీకరున్న ఫోన్‌లో పెడితే మ్యూజిక్ వినిపిస్తుంది, మాట్లాడే మనిషి పెదవులు కదులుతాయి, మాట మాత్రం రాదు. ఈసారి దీని సంగతి చూద్దాం.

ఫోన్‌కు ఒకే స్పీకరుంటే ఎడమ, కుడి చానెళ్లను కలిపి ఒక్కటిగా, అంటే మోనోగా, వినిపిస్తుంది. రెండింటిలో ఒకే శబ్దం ఉంటే నష్టమేమీ లేదు. ఎడమలో తరంగం పైకి లేచిన ప్రతిసారీ కుడిలో అంతే కిందికి దిగుతుంటే మాత్రం, కలిపినప్పుడు మిగిలేది సున్నా. ఇయర్‌ఫోన్స్‌లో ఈ రెండూ కలవవు, ఒక్కో చెవికి ఒక్కోటి వెళ్తుంది. అందుకే ఎడిట్ చేసేటప్పుడు పట్టుబడదు. శ్రద్ధగా వింటే ఒక గుర్తు దొరుకుతుంది: గొంతు నుదుటి మధ్యలో నిలవకుండా, ఎక్కడినుంచి వస్తోందో తెలియనట్టు రెండు పక్కలా విడిపోయి ఉంటుంది. మీటర్లను నమ్ముకోకండి, రెండూ సమానంగానే ఊగుతాయి.

ఇలా అవడానికి నేను ముందుగా అనుమానించేది కేబుల్‌నే. ఎక్స్‌ఎల్‌ఆర్ మైక్ కేబుల్లో ఒక తీగ సిగ్నల్‌ను ఉన్నదున్నట్టు, ఇంకో తీగ దాన్నే తలకిందులుగా తెస్తాయి. మిక్సర్ ఆ రెండింటి తేడాను తీసుకుంటుంది. కెమెరాకుండే చిన్న స్టీరియో మైక్ జాక్‌కు ఆ సంగతి తెలియదు. తగని అడాప్టర్‌తో కలిపితే మొదటి తీగను ఎడమ చానెల్‌గా, రెండోదాన్ని కుడి చానెల్‌గా రికార్డు చేసేస్తుంది.

ఇప్పుడు పరీక్ష. వెనకాల మ్యూజిక్ లేకుండా మాట మాత్రమే ఉన్న పది సెకన్లు ఎంచుకోండి. మ్యూజిక్ ఉంటే కొలతలో వచ్చే అంకె దాని వల్ల పెరిగి, గొంతు పోయిన విషయాన్ని కప్పేస్తుంది. మొదట స్టీరియోగా ఉన్నదాన్ని ffmpeg అనే కమాండ్‌లైన్ టూల్‌తో కొలవండి, 20 ఉన్నచోట మీ ముక్క మొదలయ్యే సెకను పెట్టుకోండి:

```
ffmpeg -ss 20 -t 10 -i video.mp4 -vn -af volumedetect -f null -
```

తర్వాత అదే ముక్కను మోనోగా కలిపి కొలవండి:

```
ffmpeg -ss 20 -t 10 -i video.mp4 -vn -af "pan=mono|c0=0.5*c0+0.5*c1,volumedetect" -f null -
```

రెండుసార్లూ `mean_volume` అనే వరుస చూడండి. రెండు చానెళ్లలో ఒకే గొంతు ఉంటే అంకె మారదు. రెండింటికీ పొంతనలేని శబ్దాలుంటే దాదాపు 3 డెసిబెల్స్ తగ్గుతుంది, అది సహజమే. అంతకు మించి పడిపోతే అనుమానించాలి. ఉదాహరణకు స్టీరియోలో -23, మోనోలో -58 వచ్చిందనుకుందాం. 35 డెసిబెల్స్ పోయాయంటే గొంతు తలకిందులైనట్టే. పూర్తి నిశ్శబ్దం ఎందుకు రాలేదంటే, రెండు చానెళ్ల లెవెల్స్ అచ్చం ఒకటిగా లేవు. 0.3 డెసిబెల్ తేడా ఉన్నా ఆ మాత్రం శబ్దం మిగులుతుంది.

దిద్దుబాటు దగ్గర ఒక తొందరపాటు జరుగుతుంటుంది. పూర్తయిన వీడియోను తీసుకుని కుడి చానెల్ మొత్తాన్ని తిరగేస్తారు. గొంతు తిరిగొస్తుంది కానీ, అదే చానెల్లో ఉన్న మ్యూజిక్ కూడా తిరగబడుతుంది. అప్పటిదాకా మధ్యలో ఉన్న పాట, డ్రమ్స్ మోనోలో మాయమవుతాయి. కాబట్టి టైమ్‌లైన్‌కు వెళ్లి, మ్యూజిక్‌తో కలవకముందున్న గొంతు క్లిప్‌నే సరిచేయాలి. ఎలాగూ మైక్ ఒక్కటే కాబట్టి తిరగేయడం కూడా అనవసరం, ఎడమ చానెల్‌నే రెండు వైపులా పెట్టేస్తే చాలు:

```
ffmpeg -i voice.wav -af "pan=stereo|c0=c0|c1=c0" voice_fixed.wav
```

ఆ క్లిప్‌ను మార్చి, వీడియో మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేసి, రెండు కొలతలూ మళ్లీ తీయండి. ఈసారి అంకెలు కలవాలి.

అంకెలు కలిశాక చెవితోనూ వినాలి. ఫోన్‌లో రెండు స్పీకర్లు ఉంటే రెండు చానెళ్లూ విడివిడిగా వస్తాయి కనుక తప్పు పూర్తిగా బయటపడదు. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద మోనో ఆడియో ఆన్ చేసి, ముందు ఇయర్‌ఫోన్స్‌తో వినండి, ఆ తర్వాతే స్పీకర్‌లో. ఈ వరుస ఎందుకంటే చిన్న స్పీకర్ బేస్‌ను తనంతట తానే మింగేస్తుంది, దాన్ని చానెళ్ల గొడవ అనుకుని వెతుకుతూ కూర్చోవడం దండగ.

అంకె పెద్దగా పడలేదు, అయినా మోనోలో గొంతు డొల్లగా, గొట్టంలోంచి వస్తున్నట్టుంటే అది వేరే జబ్బు. ఒక చానెల్ రెండోదానికంటే కాస్త ఆలస్యంగా వస్తోందన్నమాట. 1 మిల్లీసెకన్ ఆలస్యమైతే 500, 1500, 2500 హెర్ట్జ్ దగ్గర శబ్దం చచ్చిపోతుంది, మిగతాచోట్ల నిలుస్తుంది. చానెల్‌ను తిరగేస్తే ఆ గుంటలు వేరే చోటికి జరుగుతాయే తప్ప పోవు. వచ్చే పాఠంలో రెండు మైకులతో తీసిన రికార్డింగ్ తీసుకుని ఆ ఆలస్యాన్ని కొలుద్దాం. ఈలోగా మీ దగ్గరున్న ఒక పాత వీడియోకు పై రెండు కొలతలూ తీసి, తేడా రాసిపెట్టుకోండి.