ఎంవోటీకి ముందు ఆ రెండు పసుపు లైట్లు

హైదరాబాద్‌లో సొంత కారుకు మొదటి 15 ఏళ్లు ఫిట్‌నెస్ గొడవ ఉండదు, పొల్యూషన్ సర్టిఫికెట్ చూసుకుంటే సరిపోతుంది. ఇంగ్లండ్‌లో అలా కుదరదు. కారుకు 3 ఏళ్లు నిండాక, అది రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందా అని చూసే ఎంవోటీ టెస్టు ఏటా చేయించాల్సిందే.

ఇక్కడికొచ్చి సెకండ్‌హ్యాండ్ కారు కొన్న ఏడాది నా డ్యాష్‌బోర్డులో రెండు లైట్లు వెలిగేవి. ఒకటి అద్దం మీద నీళ్లు చిమ్మే బొమ్మ, ఇంకోటి బల్బు బొమ్మ. బల్బు గురించే టెన్షన్ పడ్డాను. నీళ్లేగా, తర్వాత పోద్దాంలే అనుకున్నాను. టెస్టులో అంతా తిరగబడింది. నంబర్ ప్లేటు దగ్గరి రెండు లైట్లలో ఒకటే పోయింది కాబట్టి దాన్ని మైనర్‌గా రాసి వదిలేశారు. వాషర్ నొక్కితే మాత్రం మోటారు చప్పుడే కానీ చుక్క రాలేదు. అది మేజర్. కారు ఫెయిల్.

ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్, ఇంజిన్ లైట్లయితే వెలగడమే ఫెయిల్‌కు కారణం. ఈ రెండూ ఆ కోవలోవి కావు. ఇక్కడ చూసేది లైటును కాదు, నీళ్లు వస్తున్నాయా, బల్బు వెలుగుతోందా అనే. అందుకే లైటు ఆరి ఉన్నా ధీమా పనికిరాదు. చలికాలంలో డబ్బా నిండా ఉత్త నీళ్లే ఉంటే పైపులో గడ్డకట్టి, లైటు లేకుండానే వాషర్ పనిచేయదు. గడ్డకట్టని స్క్రీన్‌వాష్ పోయండి. మూత మీద అద్దం, నీళ్ల బొమ్మ ఉంటుంది. పక్కనే కూలెంట్ డబ్బా ఉంటుంది, తొందరలో అందులో పోసేరు.

బల్బు వార్నింగ్‌ది ఇంకో తమాషా. చాలా కార్లలో కారు బల్బును చూడదు, అది లాగే కరెంటును కొలుస్తుంది. నేను ఆ నంబర్ ప్లేటు లైటుకు ఎల్ఈడీ వేస్తే చక్కగా వెలిగింది, వార్నింగ్ మాత్రం పోలేదు. ఎల్ఈడీ తక్కువ కరెంటు లాగుతుంది మరి. మామూలు 5 వాట్ల బల్బు వేశాక పోయింది. హెడ్‌లైట్లలో మాత్రం ఈ ప్రయోగం వద్దు. హాలోజెన్ హెడ్‌లైటులో ఎల్ఈడీ బల్బు పెడితే, ఎంత బాగా వెలిగినా 1986 ఏప్రిల్ 1 నుంచి రోడ్డెక్కిన కార్లకు ఫెయిలే.

ముందు రోజు సాయంత్రం ఒక చుట్టు తిరిగి లైట్లన్నీ చూడండి. బ్రేక్ లైట్లు చూడటానికి తోడెవరూ లేకపోతే, గోడ వైపు వెనుక భాగం పెట్టి బ్రేక్ తొక్కి అద్దంలో చూస్తే ఎర్రటి వెలుగు రెండు వైపులా పడుతుందో లేదో తెలిసిపోతుంది. అయినా ఫెయిలైతే కంగారు పడొద్దు. లైట్లు, వాషర్ లాంటివి సరిచేయించి మరుసటి పనిదినం ముగిసేలోపు అదే సెంటరుకు తీసుకెళ్తే రీటెస్టుకు డబ్బులు తీసుకోరు. నేను పెట్రోల్ బంకులో 5 లీటర్ల డబ్బా కొని, అక్కడే పోసుకుని, ఆ మధ్యాహ్నమే వెనక్కి వెళ్లాను.